మౌనానికి రెండు అర్థాలు: కార్డు నుంచి డబ్బు పోయే ముందు ఉండే 24 గంటలు

విశాఖపట్నం గాజువాకలో ఉండే ఒక విశ్రాంత ఉద్యోగి ఫోనుకు జూలై 15 ఉదయం బ్యాంకు నుంచి ఒక సందేశం వచ్చిందనుకుందాం. ఎల్లుండి, అంటే జూలై 17న, ఆయన డెబిట్ కార్డు నుంచి రూ.2,999 ఫలానా సంస్థకు వెళ్తుందని, వద్దనుకుంటే ఆపుకోవచ్చని అందులో ఉంది. ఆ సంస్థ పేరు ఆయన ఎన్నడూ వినలేదు. అదే ఉదయం కరెంటు బిల్లు గుర్తు చేస్తూ ఒక సందేశం, అప్పు ఇస్తామంటూ రెండు, పాలసీ కట్టమంటూ ఇంకొకటి వచ్చి ఉన్నాయి. వాటి మధ్య ఇది కూడా ప్రకటనలాగే కనిపించి పక్కకు పోయింది. 17న డబ్బు పోయింది. ఓటీపీ అడగలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు.

ఈ చిన్న కథలో మోసగాడు లేడు. బ్యాంకు నియమం తప్పలేదు. ఆ సంస్థ కూడా నియమం ప్రకారమే వసూలు చేసుకుంది. ఆరు నెలల క్రితం, జనవరి 10న, ఎంవీపీ కాలనీలో ఉండే ఆయన మనవరాలు ఈఏపీసెట్ నమూనా పరీక్షల కోసం ఒక యాప్ తీసుకుంది. మొదటి వారం రెండు రూపాయలే. తాతగారి కార్డు నంబరు ఇచ్చింది, ఆయనకు ఫోన్ చేసి ఓటీపీ అడిగింది, ఆయన చెప్పారు. జనవరి 17న రూ.2,999, ఏప్రిల్ 17న మళ్లీ రూ.2,999 పోయాయి. ఆ రెండూ ఆ అమ్మాయికి పనికొచ్చిన డబ్బే. మే నెలలో పరీక్ష అయిపోయింది. యాప్‌ను ఫోను నుంచి తీసేసింది. తీసేస్తే చందా కూడా ఆగిపోతుందని అనుకుంది.

ఆ సందేశం ఎందుకు వచ్చింది, వచ్చినా ఎందుకు పనిచేయలేదు, దాన్ని ఎలా వాడుకుని ఉండాల్సింది అన్నది తెలియాలంటే రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఒక ఏర్పాటును కాస్త దగ్గర నుంచి చూడాలి.

2019 ఆగస్టు 21న రిజర్వ్ బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. కార్డు మీద పదే పదే జరిగే చెల్లింపులకు, అంటే నెలకో మూడు నెలలకో ఏడాదికో తమంతట తామే జరిగిపోయే వసూళ్లకు, ఖాతాదారు ముందుగా ఒక అనుమతి నమోదు చేయాలి. దాన్నే ఈ-మ్యాండేట్ అంటున్నారు. కొన్ని బ్యాంకుల యాప్‌లలో ఇదే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అన్న పేరుతో కనిపిస్తుంది. అనుమతి నమోదు చేసేటప్పుడు కార్డు వివరాలు ఒక్కటే చాలవు. అదనపు ధ్రువీకరణ ఉండాలి, మన దగ్గర అది ఎక్కువగా ఓటీపీయే. అనుమతిని మార్చాలన్నా, రద్దు చేయాలన్నా మళ్లీ ఆ ధ్రువీకరణ కావాలి. ఆ తర్వాత జరిగే ప్రతి వసూలుకు కనీసం 24 గంటల ముందు కార్డు ఇచ్చిన బ్యాంకు ఖాతాదారుకు సమాచారం పంపాలి. డబ్బు తీసుకునే సంస్థ పేరు, ఎంత మొత్తం, ఏ తేదీన ఏ సమయానికి, ఆ లావాదేవీ లేదా అనుమతి సంఖ్య, దేని కోసం అన్న ఐదు వివరాలు అందులో తప్పకుండా ఉండాలి. ఆ ఒక్క వసూలునో, మొత్తం అనుమతినో ఆపే అవకాశం కూడా అందులోనే ఇవ్వాలి. డబ్బు పోయాక మరో సందేశం రావాలి. ఇందుకు ఖాతాదారు నుంచి ఒక్క రూపాయి కూడా రుసుము తీసుకోకూడదు.

అమలు మాత్రం ఒక్కరోజులో జరగలేదు. నియమానికి తగ్గట్టు సిద్ధం కావడానికి బ్యాంకులకు, సంస్థలకు ముందు 2021 మార్చి 31 వరకు, ఆ తర్వాత సెప్టెంబర్ 30 వరకు గడువు ఇచ్చారు. ఆ అక్టోబర్‌లో చాలామందికి పాత చందాలు ఒక్కసారిగా ఆగిపోయిన అనుభవం అందుకే కలిగింది. అప్పట్లో అది ఇబ్బందిగా అనిపించింది. కానీ ఎన్ని చోట్ల తమ కార్డు ఇచ్చి మరిచిపోయారో కొందరికి తెలిసింది కూడా అప్పుడే.

ఇప్పుడు అసలు విషయం. ప్రతి వసూలుకూ ముందస్తు సందేశం వస్తుంది కానీ, ప్రతి వసూలుకూ ఓటీపీ అడగరు. దీనికి ఒక గీత గీశారు. మొదట అది రూ.2,000. 2021 జనవరి నుంచి రూ.5,000 చేశారు. 2022 జూన్‌లో రూ.15,000కు పెంచారు. ఆ గీతకు లోపల ఉన్న వసూలు, అనుమతి ఒకసారి నమోదై ఉంటే, మళ్లీ ఓటీపీ లేకుండానే జరిగిపోతుంది. గీత దాటితే ప్రతిసారీ ఖాతాదారు స్వయంగా ధ్రువీకరించాలి. మ్యూచువల్ ఫండ్ల పెట్టుబడి, బీమా ప్రీమియం, క్రెడిట్ కార్డు బిల్లు అనే మూడింటికి మాత్రం 2023 డిసెంబర్‌లో ఆ గీతను లక్ష రూపాయలకు జరిపారు.

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఈ ఏర్పాటులో మౌనానికి గీతకు అటూ ఇటూ రెండు అర్థాలు ఉన్నాయి. రూ.18,000 వార్షిక చందా రెన్యువల్ సందేశం వస్తే, పట్టించుకోకుండా ఊరుకున్నా డబ్బు పోదు. ఓటీపీ ఇవ్వకపోతే ఆ వసూలు జరగదు కాబట్టి అక్కడ మౌనం అంటే నిరాకరణ. అదే రూ.2,999 సందేశానికి ఊరుకుంటే డబ్బు పోతుంది. అక్కడ మౌనం అర్ధాంగీకారం కూడా కాదు, పూర్తి అంగీకారం. మనం మరిచిపోయే చందాలన్నీ దాదాపు ఈ రెండో రకానివే. సినిమాలు, పాటలు, పాఠాలు, ఫోటోలు దాచుకునే చోటు, ఫోటోలు దిద్దే యాప్, వ్యాయామ యాప్, ఏదైనా రూ.15,000 లోపే ఉంటుంది. పెద్ద మొత్తాన్ని ఓటీపీ కాపాడుతుంది. చిన్న మొత్తాన్ని కాపాడేది ఆ సందేశం ఒక్కటే. అందుకే దాన్ని చదవడం ఓటీపీ ఇవ్వడమంత బరువైన పని అన్నది ఈ వ్యాసం వాదన.

ఆ చదవడం ఎక్కడ మొదలవ్వాలంటే, జూలైలో కాదు, జనవరిలో.

మనవరాలు రెండు రూపాయలు కట్టిన పేజీని మళ్లీ ఒకసారి చూద్దాం. పెద్ద అక్షరాల్లో రెండు రూపాయలు అని ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో మరో మూడు వివరాలు ఉంటాయి. ఎంత కాలానికి ఒకసారి వసూలు చేస్తారు, ఒక్కసారికి గరిష్ఠంగా ఎంత, ఈ అనుమతి ఏ తేదీ వరకు చెల్లుతుంది అన్నవి. నియమం ప్రకారం అనుమతి రెండు రకాలు. ప్రతిసారీ ఒకే మొత్తం వసూలయ్యేది ఒకటి, మొత్తం మారుతూ ఉండేది రెండోది. రెండో దానికి గరిష్ఠ పరిమితి ఎంతో ఖాతాదారే చెప్పాలి. ఆచరణలో ఆ పెట్టె చాలాసార్లు ముందే నింపి ఉంటుంది. రెండు రూపాయల ట్రయల్ పేజీలో గరిష్ఠం రూ.6,000 అని, చెల్లుబాటు చాలా ఏళ్ల తర్వాతి తేదీ వరకు అని ఉన్నా, చూపంతా రెండు రూపాయల మీదే ఉంటుంది.

దాని ఫలితం ఏమిటో లెక్క వేసి చూస్తే తేలుతుంది. గరిష్ఠం రూ.6,000 అని ఒప్పుకున్నాక ఆ సంస్థ తన మూడు నెలల ధరను రూ.2,999 నుంచి రూ.3,999 చేసినా కొత్తగా ఓటీపీ అడగాల్సిన పని లేదు. అది ఒప్పుకున్న హద్దులోనే ఉంది. మార్పు కనిపించేది ముందస్తు సందేశంలో మాత్రమే, అంకె రూపంలో. కాబట్టి సందేశం వచ్చినప్పుడు సంస్థ పేరు గుర్తుపట్టి, తెలిసినదేలే అని వదిలేయడం సరిపోదు. మొత్తాన్ని కిందటిసారి పోయిన మొత్తంతో పోల్చాలి. ధర మారదని చెప్పి ఒకే మొత్తానికి అనుమతి తీసుకుని ఉంటే మాత్రం, ధర పెంచడానికి ఆ సంస్థ మళ్లీ ఖాతాదారు దగ్గరికి రావాల్సిందే.

జనవరిలో ఓటీపీ కోసం వచ్చిన సందేశం కూడా ఒక చిన్న కిటికీ. అది మామూలు కొనుగోలుకా, పదే పదే జరిగే వసూలుకు అనుమతి కోసమా అన్నది ఆ వాక్యంలో తరచూ ఉంటుంది. కానీ ఫోన్లో ఓటీపీ చెప్పమంటే మనం ఆరు అంకెలు చదువుతాం, మిగతా వాక్యం చదవం. తాతగారు కూడా అదే చేశారు. ఇంట్లో పెద్దల కార్డు పిల్లలు వాడే ప్రతి చోటా ఇదే జరుగుతుంది.

ఇక్కడే ఈ ఏర్పాటులోని అతి పెద్ద బలహీనత బయటపడుతుంది. సందేశం వెళ్లేది యాప్ వాడే మనిషికి కాదు, కార్డు ఉన్న మనిషికి. బ్యాంకులో నమోదైన నంబరుకు, లేదా ఖాతాదారు ఎంచుకుంటే ఈమెయిలుకు. యాప్ సంగతి తెలిసిన మనవరాలు ఎంవీపీ కాలనీలో ఉంది, సందేశం గాజువాకలో మోగింది. తాతగారికి ఆ సంస్థ పేరు తెలియదు. పైగా యాప్ పేరు ఒకటి, డబ్బు తీసుకునే కంపెనీ నమోదు పేరు మరొకటి కావడం చాలా మామూలు. మధురవాడలో ఉద్యోగం చేసే కొడుకు, శ్రీహరిపురంలో ఉండే తండ్రి, వేరే ఊళ్లో హాస్టల్‌లో ఉన్న కూతురు ముగ్గురూ ఒకే కార్డు వాడే కుటుంబాల్లో ఈ సందేశాలు అనాథల్లా పడి ఉంటాయి. వీటికి ఒకటే మందు పనిచేస్తుంది. కార్డు ఎవరిదో వాళ్లు, తమకు తెలియని పేరుతో సందేశం వచ్చిన వెంటనే దాన్ని ఇంట్లో మిగిలిన వాళ్లకు పంపి ఇది ఎవరిదని అడగాలి. జవాబు వచ్చేదాకా దాన్ని పక్కన పెట్టకూడదు. అడగడానికి మొహమాటపడి ఊరుకుంటే ఏం జరుగుతుందో పైన చూశాం.

గడువు కూడా తక్కువే. 24 గంటలు అన్నది కనిష్ఠం. కొన్ని సందేశాలు రెండు మూడు రోజుల ముందే వస్తాయి, కొన్ని సరిగ్గా ఒక రోజు ముందు. సింహాచలం గిరి ప్రదక్షిణకు బయలుదేరిన రోజున వస్తే 32 కిలోమీటర్లు నడిచి ఇంటికి చేరి, కాళ్లకు కాపడం పెట్టుకుని ఫోను చేతిలోకి తీసుకునేసరికి ఆ గడువులో సగానికి పైగా కరిగిపోయి ఉంటుంది. కాబట్టి సందేశం కోసం ఎదురుచూడటం రెండో రక్షణే అవ్వాలి. మొదటిది, బ్యాంకు యాప్‌లో ఉండే అనుమతుల జాబితాను మనమే తెరిచి చూడటం. ఏ అనుమతినైనా ఎప్పుడైనా ఆన్‌లైన్‌లో రద్దు చేసుకునే వీలు ఖాతాదారుకు ఇవ్వాలని నియమం బ్యాంకును ఆదేశించింది. వసూలు తేదీ దగ్గరపడే వరకు ఆగాల్సిన పనే లేదు.

ఇప్పుడు జూలై 15నే తాతగారు ఆ సందేశాన్ని మనవరాలికి పంపారని, అది నాదే తాతయ్యా, ఇప్పుడు అవసరం లేదని ఆమె చెప్పిందని అనుకుని కథను వెనక్కి తిప్పుదాం.

ఆయన బ్యాంకు యాప్ తెరిచి కార్డుల విభాగంలోకి వెళ్తారు. అక్కడ ఈ-మ్యాండేట్లు అనో, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్లు అనో, రికరింగ్ చెల్లింపులు అనో ఒక జాబితా ఉంటుంది. పేరు బ్యాంకును బట్టి మారుతుంది. కొన్ని బ్యాంకులు ఈ జాబితాను తమ యాప్‌లో కాకుండా, ఈ పనికోసమే ఉన్న వేరే వెబ్ పేజీలో చూపిస్తాయి. ఆ పేజీకి బ్యాంకు సొంత వెబ్‌సైటు నుంచే వెళ్లాలి. జాబితాలో సంస్థ పేరు, గరిష్ఠ మొత్తం, మొదలైన తేదీ, తర్వాతి వసూలు తేదీ కనిపిస్తాయి. సందేశంలో వచ్చిన అనుమతి సంఖ్యతో సరిపోల్చుకుంటే పొరపాటున వేరేదాన్ని రద్దు చేసే ప్రమాదం ఉండదు. ఈ ఒక్క వసూలు ఆపాలా, అనుమతే తీసేయాలా అన్న చోట జాగ్రత్త పడాలి. ఒక్క వసూలును ఆపితే అక్టోబర్‌లో మళ్లీ ఇదే సందేశం వస్తుంది, మళ్లీ చూసుకోవాలి. పరీక్ష అయిపోయింది కాబట్టి తాతగారికి కావలసింది పూర్తి రద్దు. నొక్కగానే ఓటీపీ వస్తుంది. ఇస్తే రద్దు నమోదవుతుంది, రద్దయినట్లు ధ్రువీకరణ సందేశం వస్తుంది. ఆ ధ్రువీకరణ వచ్చేదాకా పని పూర్తయినట్లు కాదు. ఓటీపీ పేజీలోనే ఆగిపోయి, అయిపోయిందనుకుని యాప్ మూసేసేవాళ్లు తక్కువేమీ కాదు.

ఇంతటితో బ్యాంకు వైపు ముడి విడింది. యాప్ వైపు ముడి ఇంకా ఉంది. బ్యాంకులో అనుమతి రద్దు చేస్తే ఆ సంస్థ డబ్బు తీసుకోలేదు. కానీ దాని పుస్తకాల్లో మనవరాలు ఇంకా చందాదారే. డబ్బు రాలేదని గుర్తు చేస్తూ సందేశాలు పంపుతుంది, కొత్త కార్డు ఇవ్వమని అడుగుతుంది. ఏడాది ఒప్పందాన్ని నెలవారీగా కట్టే రకం చందా అయితే మిగిలిన బాకీ కట్టమని కూడా అడగవచ్చు. తిరగేసి చూసినా అంతే. యాప్‌లో రద్దు నొక్కినా బ్యాంకు జాబితాలో అనుమతి మిగిలి ఉండవచ్చు. రెండు చోట్లా తీసేయాలి. ముందు యాప్ ఖాతాలో రద్దు చేసి ఆ తెరను ఫోటో తీసుకోవడం, తర్వాత బ్యాంకులో తీసేయడం మంచి వరుస. సంస్థ తర్వాత ఏదైనా అడిగితే చూపించడానికి తేదీతో సహా ఆధారం ఉంటుంది. యాప్‌ను ఫోను నుంచి తీసేయడం ఈ రెండింటిలో ఏదీ కాదు.

రద్దు బటన్‌ను దొరకకుండా దాచే యాప్‌ల మీద కోపం రావడం న్యాయం. అది నియమ విరుద్ధం కూడా. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ప్రకటించిన మార్గదర్శకాల్లో 13 రకాల మాయ ఎత్తులను పేర్కొంది. అందులో ఒకటి చందా ఉచ్చు. చేరడం సులువుగా, బయటపడటం కష్టంగా చేయడం దీని కిందికే వస్తుంది. ఇలాంటి యాప్ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. కానీ వసూలు ఎల్లుండే ఉన్నప్పుడు బ్యాంకు వైపు ముడిని ముందు విప్పేయాలి, ఫిర్యాదు తర్వాత చూసుకోవచ్చు.

ఇక డబ్బు పోయాకే తెలిసిందనుకుందాం. అప్పుడు చాలామంది బ్యాంకుకు వెళ్లి, నాకు తెలియకుండా డబ్బు పోయిందని చెబుతారు. ఆ మాట ఎంత నిజమైనా దానితో పని జరగదు. ఎందుకంటే మూడు వేర్వేరు పరిస్థితులు ఈ ఒకే మాట వెనుక దాగి ఉంటాయి, మూడింటికీ దారులు వేరు. ఏది మనదో తేల్చుకోవడానికి ఫోనులోని పాత సందేశాలు, ఈమెయిలు, బ్యాంకు యాప్‌లోని అనుమతుల జాబితా చాలు.

అనుమతి జాబితాలో ఉంది, ముందస్తు సందేశం కూడా వచ్చింది, మనమే చూడలేదు. ఇది మొదటి పరిస్థితి, అన్నింటికన్నా తరచుగా జరిగేది. ఇక్కడ బ్యాంకు తప్పు లేదు. అడగాల్సింది ఆ సంస్థనే. రెన్యువల్ అయిన వెంటనే, సేవను వాడకముందే అడిగితే కొన్ని సంస్థలు డబ్బు వెనక్కి ఇస్తాయి. వారం తర్వాత, పాఠాలు రెండు మూడు తెరిచి చూశాక అడిగితే ఆ అవకాశం తగ్గిపోతుంది. తాతగారి మొదటి కథ ఇదే. జూలై 17 సాయంత్రమే మనవరాలు ఆ సంస్థకు రాసి ఉంటే రూ.2,999 తిరిగి రావడానికి కొంత ఆశ ఉండేది.

అనుమతి ఉంది, కానీ ముందస్తు సందేశం రాలేదు, లేదా డబ్బు పోయే రోజునే వచ్చింది. లేక అందులో ఉన్న మొత్తం ఒకటి, పోయింది మరొకటి. ఇది రెండో పరిస్థితి. ఇక్కడ ప్రశ్నించాల్సింది కార్డు ఇచ్చిన బ్యాంకును. సందేశం పంపే బాధ్యత దానిదే, పంపిన రికార్డు కూడా దాని దగ్గరే ఉంటుంది. డబ్బు పోయిందని కాకుండా, ఫలానా అనుమతి సంఖ్యకు జూలై 17న జరిగిన వసూలుకు 24 గంటల ముందు సమాచారం అందలేదు, ఏ నంబరుకు ఏ సమయానికి పంపారో తెలపండి అని రాతపూర్వకంగా అడగాలి. ఇలా రాసిన ఫిర్యాదు రాయని దానికన్నా చాలా బలమైనది. ఈ-మ్యాండేట్ వసూళ్ల వివాదాలను విడిగా గుర్తించే ఏర్పాటు చేయాలని రిజర్వ్ బ్యాంకు రూపే, వీసా లాంటి కార్డు నెట్‌వర్కులకు కూడా చెప్పింది. అందువల్ల చార్జ్‌బ్యాక్, అంటే పోయిన డబ్బును కార్డు నెట్‌వర్కు ద్వారా వెనక్కి రప్పించమని, బ్యాంకును అడిగేటప్పుడు ఇది ఈ-మ్యాండేట్ వసూలు అని స్పష్టంగా పేర్కొనాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు `cms.rbi.org.in`లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఖర్చు ఉండదు, విశాఖ దాటి ఎక్కడికీ వెళ్లాల్సిన పనీ లేదు.

జాబితాలో అసలు అలాంటి అనుమతే లేదు, ఇంట్లో ఎవరూ ఆ సంస్థకు కార్డు ఇవ్వలేదు. ఇది మూడో పరిస్థితి. ఇది చందా సమస్య కాదు, అనుమతి లేని లావాదేవీ. ఇక్కడ గంటలు కూడా లెక్కే. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కానప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా బ్యాంకుకు చెబితే ఖాతాదారు నష్టం భరించాల్సిన పని ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే ఒక పరిమితి వరకు భరించాల్సి వస్తుంది. ఆపైన ఆలస్యమైతే ఆ బ్యాంకు విధానాన్ని బట్టి ఉంటుంది. ముందు కార్డును ఆపేయించి, తర్వాత మిగతావి చూడాలి. మొదటి రెండు పరిస్థితుల్లో ఉన్నవాళ్లు ఈ మూడో దారిలో వెళ్లి, ఈ లావాదేవీ మేం చేయలేదని రాసిస్తే, జనవరిలో ఓటీపీ ఇచ్చిన రికార్డును బ్యాంకు చూపిస్తుంది, ఫిర్యాదు అక్కడితో మూతపడుతుంది. అందుకే ఈ తేడా తేల్చుకోవడానికి ఒక అరగంట వెచ్చించడం దండగ కాదు.

ఈ ఏర్పాటు పట్టుకోలేనివి కూడా ఉన్నాయి. యాప్ స్టోరు ద్వారా తీసుకున్న చందాలో బ్యాంకు సందేశంలో కనిపించేది తరచూ ఆ స్టోరు పేరే. దాని వెనుక ఉన్నది ఏ యాపో స్టోరు ఖాతాలోని చందాల పేజీ తెరిస్తేనే తెలుస్తుంది. ఫాస్టాగ్, మెట్రో బస్సు ప్రయాణాలకు వాడే నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు నిల్వ తగ్గినప్పుడు తమంతట తామే నింపుకొనే చెల్లింపులకు 24 గంటల ముందస్తు సమాచారం అక్కర్లేదని 2024 ఆగస్టులో మినహాయించారు. టోల్ గేట్ల మీదుగా రోజూ తిరిగే వాళ్లకు ప్రతి రీఛార్జికీ ఒకరోజు ముందు చెప్పడం కుదరదు కాబట్టి అది సబబే.

విదేశీ సంస్థల సంగతి కొంచెం వేరు. మన కార్డు మీద పదే పదే వసూలు చేసే విదేశీ సంస్థకూ ఈ నియమం వర్తిస్తుంది. కానీ విదేశీ వెబ్‌సైటులో ఒక్కసారి జరిగే చెల్లింపు కార్డు నంబరు, దాని వెనుక ఉన్న మూడు అంకెలతోనే ఓటీపీ లేకుండా జరిగిపోయే వీలు చాలాకాలం ఉంది. తన నెలవారీ వసూలును ఏ సంస్థ అయినా విడి విడి కొనుగోళ్లుగా పంపితే, ముందస్తు సందేశం రాకుండానే డబ్బు పోతుంది. డబ్బు పోయిన సందేశం మాత్రమే వస్తుంది. దీనికి తాళం మన చేతిలోనే ఉంది. విదేశీ లావాదేవీలను, ఆన్‌లైన్ లావాదేవీలను విడివిడిగా ఆపుకొనే, తెరుచుకొనే వీలు ప్రతి కార్డుకూ ఉండాలని 2020లో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. బ్యాంకు యాప్‌లోని కార్డు సెట్టింగుల్లో విదేశీ వాడకాన్ని మూసి ఉంచి, అవసరమైన రోజున తెరిచి, పని కాగానే మూసేస్తే ఈ దారి మూతపడుతుంది.

చివరిగా, ఈ సందేశానికే నకిలీలు ఉన్నాయి. రేపు మీ కార్డు నుంచి రూ.4,999 పోతుంది, ఆపాలంటే ఈ లింకు నొక్కండి అని వచ్చే సందేశం నిజమైన దానిలాగే ఉంటుంది. కంగారు కూడా నిజమైనదే. నిజమైన రద్దుకూ ఓటీపీ అడుగుతారు కాబట్టి నకిలీ పేజీ ఓటీపీ అడిగినా అనుమానం రాదు. తేడా రెండు చోట్ల దొరుకుతుంది. నకిలీ పేజీ కార్డు నంబరు మొత్తం, గడువు తేదీ, వెనుక ఉన్న మూడు అంకెలు అడుగుతుంది. రెండోది, వచ్చిన ఓటీపీ సందేశంలోని వాక్యం. రద్దు కోసం వచ్చే ఓటీపీలో రద్దు మాట ఉంటుంది. ఏదో సంస్థ పేరూ, చెల్లింపు మొత్తమూ ఉంటే అది డబ్బు పంపే ఓటీపీ. అసలు సందేశంలోని లింకును నొక్కకుండా, బ్యాంకు యాప్‌ను మనమే తెరిచి జాబితా చూస్తే ఈ పరీక్షల అవసరమే రాదు. జాబితాలో లేని వసూలును ఎవరూ రద్దు చేయాల్సిన పని లేదు. బ్యాంకుల వెబ్‌సైట్లు ఇప్పుడు `.bank.in`తో ముగుస్తున్నాయి. చేయి తప్పి వివరాలు ఇచ్చేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

గాజువాక తాతగారి విషయానికి వస్తే, జూలై 15న ఆయన రద్దు చేసి, ధ్రువీకరణ సందేశం చూసుకున్నా పని ఇంకొంచెం మిగిలి ఉంది. జూలై 17 సాయంత్రం ఖాతా వివరాలు ఒకసారి తెరిచి ఆ రూ.2,999 పోలేదని చూసుకోవాలి. అదే జాబితాలో ఇంకా ఏ ఏ పేర్లు ఉన్నాయో కూడా ఆ రోజే చదవాలి. తాను గుర్తుపట్టని పేర్లను ఒక కాగితం మీద రాసి, ఆదివారం పిల్లలంతా ఇంటికి వచ్చినప్పుడు ఒక్కొక్కటిగా అడగాలి.